g పోకముందే వాలు తిరగేస్తే: రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఆర్థోగోనల్ ట్రాజెక్టరీలు

డిగ్రీలో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ చెప్పేటప్పుడు ఆర్థోగోనల్ ట్రాజెక్టరీల పాఠానికి నేను ఎక్కువగా తీసుకునే లెక్క ఒకటుంది. మా ఫిజిక్స్ ల్యాబ్‌లో చేసే ప్రయోగం నుంచి వచ్చిన లెక్క అది. కరెంటును కొద్దిగా పోనిచ్చే నల్ల కాగితం మీద సిల్వర్ పెయింటుతో రెండు చుక్కలు పెడతారు. వాటికి బ్యాటరీ రెండు కొసలు కలిపి, మీటరు మొనతో ఒకే వోల్టేజీ ఉన్న బిందువులను వెతికి గుర్తుపెడతారు. ఆ గుర్తులను కలిపితే ఒక్కో వోల్టేజీకి ఒక్కో గీత వస్తుంది. కరెంటు మాత్రం ఆ గీతల వెంట పోదు, ప్రతి గీతనూ లంబంగా కోస్తూ పోతుంది. అంటే మీటరు చూపేది ఒక వక్రాల కుటుంబాన్ని, మనకు కావలసింది దాన్ని ఎక్కడికక్కడ 90 డిగ్రీల్లో ఖండించే ఇంకో కుటుంబాన్ని. ఆ రెండో కుటుంబాన్ని, అంటే ఆర్థోగోనల్ ట్రాజెక్టరీలను, మీటరు నేరుగా చూపించదు. దాన్ని లెక్కతోనే రాబట్టాలి.

ఒక బ్యాచ్‌లో ఈ లెక్క చేస్తున్నప్పుడు ఒక విద్యార్థిని జవాబు తప్పు వచ్చింది, సరిచూసుకుంటే మాత్రం సరిపోయింది. ఈ రాత ముఖ్యంగా దాని గురించే. ముందు లెక్క ఏమిటో చూద్దాం.

చుక్కలను x అక్షం మీద, మూలబిందువుకు అటూ ఇటూ 3 సెం.మీ. దూరంలో పెట్టాం: (3, 0), (−3, 0). కాగితం చాలా పెద్దదని, చుక్కలు చాలా చిన్నవని అనుకుంటే, ఒక బిందువు దగ్గర వోల్టేజీ ఆ బిందువు నుంచి రెండు చుక్కలకూ ఉన్న దూరాల నిష్పత్తి మీదే ఆధారపడుతుంది. సరిగ్గా చెప్పాలంటే ఆ నిష్పత్తి లాగరిథమ్ మీద. కాబట్టి ఒకే వోల్టేజీ గీత అంటే దూరాల నిష్పత్తి మారని గీత. నిష్పత్తిని k అనుకుని రాస్తే:

```
(x + 3)² + y² = k² [ (x − 3)² + y² ]
```

దీన్ని విప్పి సర్దితే, k = 1 తప్ప మిగతా అన్నిటికీ వృత్తాలే వస్తాయి:

```
x² + y² − 2gx + 9 = 0,     g = 3(k² + 1)/(k² − 1)
```

వీటిని అపోలోనియస్ వృత్తాలంటారు. ఇంటర్‌లో సహాక్ష వృత్త సరణి చదివినవాళ్లకు ఇది పాత పరిచయమే, మన రెండు చుక్కలూ ఆ సరణికి అవధి బిందువులు. కేంద్రం (g, 0), వ్యాసార్థం √(g² − 9). k = 2 అయితే g = 5, వ్యాసార్థం 4. ఆ వృత్తం (1, 0), (9, 0), (5, 4) గుండా పోతుంది. (5, 4) నుంచి చుక్కలకు దూరాలు √80, √20. నిష్పత్తి 2. మీటరు ఈ మూడు చోట్లా ఒకే రీడింగ్ చూపాలి.

ఇందులో 9 స్థిరం, చుక్కలను ఎంత దూరంలో పెట్టామన్నదాని నుంచి వచ్చింది. g ఒక్కటే పరామితి, ఒక గీత నుంచి ఇంకో గీతకు మారేది అదే. మొదటి మెట్టు దగ్గరే ఈ తేడా ఖాయం చేసుకోవాలి. రెంటినీ కలగాపులగం చేసి 9ని కూడా పోగొట్టాలని చూసేవాళ్లు ఉంటారు, అప్పుడు రెండో ఆర్డర్ సమీకరణం వచ్చి లెక్క ఎటూ కదలదు. ఒక పరామితి ఉన్న కుటుంబానికి మొదటి ఆర్డర్ సమీకరణమే రావాలి.

ఇక ఆ విద్యార్థిని చేసిన పని. సమీకరణాన్ని ఒకసారి అవకలనం చేసింది:

```
2x + 2y y' − 2g = 0     →     y' = (g − x)/y
```

వాలు దొరికింది కదా అని దాన్ని తలకిందులు చేసి గుర్తు మార్చింది. చరరాశులు చక్కగా విడిపోయాయి:

```
dy/dx = y/(x − g)     →     y = m(x − g)
```

సరళరేఖలు వచ్చాయి. నేను "ఒక బిందువు దగ్గర సరిచూడమ్మా" అన్నాను. ఆమె (1, 2) తీసుకుంది. ఆ బిందువు గుండా పోయే వృత్తానికి 1 + 4 + 9 = 2g, అంటే g = 7. వృత్తం వాలు (7 − 1)/2 = 3. తన రేఖ (7, 0) నుంచి (1, 2)కి పోతుంది, వాలు −1/3. లబ్ధం −1.

"సార్, సరిపోయింది కదా?" అంది. క్లాసులో చాలామంది అవునన్నారు.

ఆ రేఖ మీదే ఇంకో అడుగు ముందుకు పోయి చూడమన్నాను. y = −(x − 7)/3 మీద x = 4 అయితే y = 1. ఆ బిందువు (4, 1) గుండా కూడా కుటుంబంలోని ఒక వృత్తం పోతుంది, కానీ అది g = 7 వృత్తం కాదు. 16 + 1 + 9 = 8g, అంటే g = 3.25. దాని వాలు (3.25 − 4)/1 = −0.75. రేఖ వాలు అక్కడ కూడా −1/3 మాత్రమే. లబ్ధం 0.25. లంబంగా ఉండడం అటుంచి, రెండూ ఒకే వైపు వాలి ఉన్నాయి.

ఏం జరిగిందంటే, g ని లెక్కలో ఉంచేసి వాలు తిరగేయగానే మనం చేతిలో పట్టుకున్నది మొత్తం కుటుంబాన్ని కాదు, g = 7 అనే ఒకే ఒక వృత్తాన్ని. ఒక వృత్తానికి ఎక్కడికక్కడ లంబంగా ఉండేవి దాని వ్యాసార్థాలే. y = m(x − g) అంటే (g, 0) నుంచి బయలుదేరిన వ్యాసార్థ రేఖలు, అంతే. అవి ఆ వృత్తాన్ని లంబంగానే కోస్తాయి. ఆ కేంద్రమే ఉన్న ఇతర వృత్తాలను కూడా లంబంగా కోస్తాయి, కానీ అలాంటివి మన కుటుంబంలో లేవు. మన వృత్తాల్లో ఏ రెంటికీ ఒకే కేంద్రం ఉండదు. రేఖ తన వృత్తాన్ని దాటి పక్క వృత్తం మీదికి రాగానే కోణం చెడిపోతుంది.

సరిచూడడం ఎందుకు మోసం చేసిందో కూడా ఇందులోనే ఉంది. రేఖలో వాడిన g, బిందువు దగ్గర లెక్కగట్టిన g ఒకటే అయ్యేలా ఆమె బిందువును ఎంచుకుంది. అలా ఎంచుకున్నంత కాలం ఎన్నిసార్లు చూసినా −1 వస్తూనే ఉంటుంది. అందుకే నేను క్లాసులో పెట్టిన పద్ధతి ఇది: జవాబుగా వచ్చిన ఒక వక్రాన్ని పట్టుకుని, దాని మీద రెండు వేర్వేరు బిందువులు తీసుకోవాలి. ఒక్కో బిందువు దగ్గర అసలు కుటుంబంలోని పరామితిని కొత్తగా లెక్కగట్టాలి. రెండు g లూ వేర్వేరుగా వచ్చి, రెండు చోట్లా −1 వస్తేనే నమ్మాలి. జవాబు చూస్తూనే అనుమానించడానికి ఇంకో ఆనవాలు కూడా ఉంది. అసలు కుటుంబం పరామితి g జవాబులో మిగిలి ఉండి, సమాకలనం నుంచి వచ్చిన m దానికి తోడైతే, ఒక బిందువు గుండా ఒక వక్రం కాదు, లెక్కలేనన్ని వక్రాలు పోతాయి. కరెంటు ఒక బిందువు దగ్గర ఒకే దిశలో పోవాలి కదా. రెండు పరామితులున్న జవాబు అక్కడికక్కడే పనికిరాదు.

ఇప్పుడు సరైన దారి. అవకలన సమీకరణం చెప్పాల్సింది "నువ్వు ఏ వృత్తం మీద ఉన్నావు" అని అడగకుండానే, (x, y) ఒక్కటే తెలిస్తే అక్కడ వాలు ఎంతో. కాబట్టి g పోవాలి, అదీ తిరగేయకముందే. అవకలనం నుంచి g = x + y y'. దీన్ని మొదటి సమీకరణంలో పెడితే:

```
x² + y² − 2x(x + y y') + 9 = 0
y² − x² + 9 − 2xy y' = 0
```

(1, 2) దగ్గర దీని నుంచి y' = (4 − 1 + 9)/4 = 3, (4, 1) దగ్గర (1 − 16 + 9)/8 = −0.75. ఇందాక g వెతికి కట్టిన విలువలే, ఇప్పుడు g తో పని లేకుండా వచ్చాయి. ఈ మెట్టు సరిగ్గా పడిందో లేదో ఇక్కడే ఇలా చూసుకుంటే తర్వాత పెద్ద లెక్క మళ్లీ చేసే బాధ తప్పుతుంది.

ఇప్పుడు y' ఉన్నచోట −dx/dy పెట్టాలి:

```
y² − x² + 9 + 2xy dx/dy = 0
```

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. చరరాశులు విడిపోవు. ఆ 9 లేకపోతే సమఘాత సమీకరణం అయ్యేది, y = vx పెట్టి చేసేవాళ్లం. 9 దాన్ని పాడుచేసింది. అయినా y = vx పెట్టి పేజీ నింపే అలవాటు పిల్లల్లో బలంగా ఉంటుంది. సమీకరణాన్ని ఒక నిమిషం తేరిపార చూస్తే, x ఎక్కడ కనిపించినా x² గానో, x dx/dy గానో కనిపిస్తోంది. 2x dx/dy అంటే x² యొక్క అవకలనమే. u = x² అంటే సరి, y ని స్వతంత్ర చరరాశిగా తీసుకున్నప్పుడు ఇది మామూలు రేఖీయ సమీకరణం:

```
du/dy − u/y = −y − 9/y
```

సమాకలన గుణకం 1/y. దానితో గుణిస్తే:

```
d/dy (u/y) = −1 − 9/y²
u/y = −y + 9/y + C
x² + y² − Cy − 9 = 0
```

మళ్లీ వృత్తాలే. కేంద్రం (0, C/2), y అక్షం మీద. y = 0 పెడితే C ఎంతైనా x = ±3 వస్తుంది. అంటే ప్రతి ట్రాజెక్టరీ రెండు చుక్కల గుండా పోతుంది. భౌతికంగా అలాగే ఉండాలి: కరెంటు ఒక చుక్కలో బయలుదేరి ఇంకో చుక్కలో దిగాలి. మనం సమీకరణంలో ఎక్కడా ఈ షరతు పెట్టలేదు, అయినా జవాబులో అది తనంతట తాను వచ్చింది. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే నచ్చే చోటు ఇదే.

పక్కపక్కన పెట్టి చూస్తే మారింది రెండే రెండు: x పదం ఉన్నచోట y పదం వచ్చింది, +9 కాస్తా −9 అయింది. ఆ గుర్తు మార్పులోనే అంతా ఉంది. మొదటి వృత్తాల వ్యాసార్థం వర్గం g² − 9, కాబట్టి |g| 3 కంటే తక్కువైతే వృత్తమే లేదు. రెండో వాటిది C²/4 + 9, కాబట్టి C ఎంతైనా వృత్తం ఉంటుంది. ల్యాబ్‌లో పిల్లలు ఒకే వోల్టేజీ గీతకు కేంద్రం రెండు చుక్కల మధ్య పెట్టి గీస్తే, తప్పని కొలవకుండానే చెప్పేయవచ్చు. కేంద్రం ఎప్పుడూ చుక్కకు అవతలే ఉంటుంది.

సరిచూద్దాం. (1, 2) దగ్గర 1 + 4 − 9 = 2C, C = −2. కేంద్రం (0, −1), వ్యాసార్థం √10. అక్కడ వాలు −1/3, వృత్తం వాలు 3. ఇదే ట్రాజెక్టరీ మీద రెండో బిందువుగా (−1, 2) తీసుకునేవాళ్లు ఉంటారు. అది అద్దంలో బింబం లాంటిదే కాబట్టి కొత్తగా ఏమీ చెప్పదు. (√6, 1) తీసుకుంటే మేలు. 6 + 1 + 2 − 9 = 0, కాబట్టి అది ఈ ట్రాజెక్టరీ మీదే ఉంది. అక్కడ అసలు కుటుంబం వాలు (1 − 6 + 9)/(2√6) = 2/√6, ట్రాజెక్టరీ వాలు −√6/2. లబ్ధం −1. అక్కడ g విలువ 16/(2√6), సుమారు 3.27. (1, 2) దగ్గరి 7 కీ దీనికీ పోలిక లేదు, అయినా కోణం నిలబడింది. ఆ సరళరేఖ ఓడిపోయిన పరీక్ష ఇదే.

(5, 4) దగ్గర ఇంకో ఇబ్బంది వస్తుంది. g = 5 వృత్తానికి అది అన్నిటికంటే పైన ఉన్న బిందువు, వాలు సున్నా. దాని గుండా పోయే ట్రాజెక్టరీ C = 8, కేంద్రం (0, 4), వ్యాసార్థం 5, అక్కడ స్పర్శరేఖ నిట్టనిలువు. సున్నాను అనంతంతో గుణించి −1 రాలేదని జవాబు కొట్టేసిన పేపర్లు చూశాను. కొట్టేయాల్సింది జవాబును కాదు. ఇలాంటి చోట లబ్ధం సూత్రం వాడకూడదు, అంతే. వృత్తాలు కాబట్టి మనకు వేరే దారి ఉంది: రెండు వృత్తాలు లంబంగా ఖండించుకోవాలంటే కేంద్రాల మధ్య దూరం వర్గం, వ్యాసార్థాల వర్గాల మొత్తానికి సమానం కావాలి. (5, 0), (0, 4) మధ్య 25 + 16 = 41. వ్యాసార్థాల నుంచి 16 + 25 = 41. నిజానికి ఏ g, ఏ C కైనా ఇది ఒకేసారి తేలిపోతుంది:

```
g² + C²/4 = (g² − 9) + (C²/4 + 9)
```

−9, +9 కొట్టేసుకుపోతాయి. బిందువులు ఎంచుకునే పనే లేదు.

దారిలో జారిపోయిన గీతలు రెండున్నాయి. రేఖీయ సమీకరణం కోసం y తో భాగించాం, కాబట్టి y = 0 ని వదిలేశాం. కానీ x అక్షం కూడా ట్రాజెక్టరీయే. మొదటి కుటుంబంలోని కేంద్రాలన్నీ దాని మీదే ఉన్నాయి, ప్రతి వృత్తాన్నీ అది లంబంగానే కోస్తుంది. చుక్క నుంచి చుక్కకు తిన్నగా పోయే కరెంటు దారి అదే, దాన్ని వదిలేస్తే బొమ్మలో నడిమి గీతే ఉండదు. అలాగే మొదటి కుటుంబంలో k = 1 అయినప్పుడు వచ్చే y అక్షం g కి ఏ విలువ ఇచ్చినా రాదు. రెండు చుక్కలకూ సమాన దూరంలో ఉండి, బ్యాటరీలో సరిగ్గా సగం వోల్టేజీ చూపే గీత అది. ఇక రెండు చుక్కల దగ్గర xy = 0, y² − x² + 9 = 0 రెండూ ఒకేసారి నిజమవుతాయి, వాలు 0/0 అవుతుంది. అక్కడ లంబం అన్న మాటకే అర్థం లేదు. అన్ని ట్రాజెక్టరీలూ కలిసే చోటు కదా, ఏ ఒక్క దిశా చెప్పలేం.

గీసేటప్పుడు ఒక సంగతి. కంప్యూటర్లో రెండు కుటుంబాలూ గీయగానే "సార్, కోణం 90 లేదు" అని వచ్చేవాళ్లలో ఎక్కువమందికి సమస్య లెక్కలో ఉండదు, స్కేలులో ఉంటుంది. x అక్షం మీద ఒక సెం.మీ., y అక్షం మీద ఒక సెం.మీ. స్క్రీన్ మీద ఒకే పొడవు ఉండకపోతే వృత్తాలు కోడిగుడ్లలా సాగిపోతాయి, లంబకోణాలు కూడా వంకర పోతాయి. ముందు వృత్తాలు గుండ్రంగా ఉన్నాయో లేదో చూడాలి, ఆ తర్వాతే కోణం గురించి మాట్లాడాలి.

ఇక నల్ల కాగితం దగ్గరికి వస్తే, మనం అనుకున్న రెండు మాటలూ అక్కడ పూర్తిగా నిజం కావు. చుక్కలు బిందువులు కావు, కాగితం అంతులేనిది కాదు.

చుక్క సంగతి లెక్కకు లొంగుతుంది. సిల్వర్ పెయింటు చుక్క అంతా ఒకే వోల్టేజీలో ఉంటుంది, కాబట్టి దాని అంచు కూడా మన మొదటి కుటుంబంలోని ఒక వృత్తమే కావాలి. చుక్క కేంద్రం 3 సెం.మీ. దగ్గర, వ్యాసార్థం 1 సెం.మీ. అనుకుందాం. వ్యాసార్థం వర్గం = g² − a² అని మనకు తెలుసు, a అంటే అవధి బిందువు దూరం. g = 3, వ్యాసార్థం 1, కాబట్టి a² = 8, a సుమారు 2.83. అంటే సమీకరణంలో 9 బదులు 8 పెట్టాలి. కరెంటు వృత్తాలను చుక్క లోపలికి పొడిగిస్తే అవి చుక్క నడిమధ్యలో కలవవు, దానికి 1.7 మి.మీ. లోపలికి, రెండో చుక్క వైపు ఉన్న బిందువులో కలుస్తాయి. ల్యాబ్‌లో పిల్లలు లావు చుక్కలు పెట్టి 9 తోనే లెక్క కట్టినప్పుడు, కొలిచిన గీతలు చుక్కల దగ్గరే ఎక్కువగా తప్పడానికి కారణం ఇది. వ్యాసార్థం అర సెం.మీ.కి తగ్గిస్తే a 2.96 అవుతుంది. అప్పుడు తేడా అర మి.మీ. కూడా ఉండదు, చేత్తో పెట్టిన గుర్తుల్లో అది తెలియదు.

కాగితం అంచు సంగతి అంత తేలిగ్గా తీరదు. అంచు దాటి కరెంటు పోలేదు, కాబట్టి అంచు దగ్గర కరెంటు అంచు వెంటే పోవాలి. అంటే అంచు తానే ఒక ట్రాజెక్టరీ అవుతుంది, ఒకే వోల్టేజీ గీతలు దాన్ని లంబంగా తాకాలి. మన వృత్తాలకు ఈ అంచు సంగతి తెలియదు. (9, 0) దగ్గర మీటరు (1, 0) తో సమానమైన రీడింగ్ చూపాలని ఇందాక అన్నాను. కాగితం x = 10 దగ్గర అయిపోతే ఆ మాట నిలవదు, వృత్తం అక్కడ మూసుకోకుండా అంచు వైపు తెరుచుకుంటుంది. మధ్యలో (1, 0), (2, 1) ల చుట్టుపక్కల మాత్రం లెక్కకూ కొలతకూ బాగానే కుదురుతుంది.

తప్పు లెక్కలో ఉందా, కాగితంలో ఉందా అని తేల్చడానికి తేడా ఎక్కడ పెరుగుతోందో చూడాలి. చుక్కల దగ్గర పెరుగుతుంటే a విలువ సరిచేయాలి. అంచుకు పోయేకొద్దీ పెరుగుతుంటే అది అంచు ప్రభావం, పెద్ద కాగితం తీసుకోవాలి లేదా ఆ భాగాన్ని పోల్చడం మానుకోవాలి. నడిమధ్యలో, y అక్షానికి దగ్గర్లో కూడా కొలిచిన గీతలకు మన ట్రాజెక్టరీలు లంబంగా రాకపోతే మాత్రం కాగితాన్ని అనుమానించి లాభం లేదు. నోట్సు తెరిచి, వాలు తిరగేసిన లైనుకు పై లైనులో g ఇంకా ఉందేమో చూడాలి.